చేతి వాచీ చూపే గుండె వేగాన్ని ఎప్పుడు నమ్మాలి? ఛాతీ పట్టీ ఎవరికి కావాలి?

ప్రశ్న: నా వయసు 41. ఎనిమిది నెలలుగా పరుగెత్తుతున్నాను, డిసెంబరులో హాఫ్ మారథాన్ ఉంది. మెల్లగా పరుగెత్తినా వాచీ 168, 170 చూపిస్తోంది, కానీ నేను పక్కవాళ్లతో హాయిగా మాట్లాడగలుగుతున్నాను. గురువారం ఇంటర్వెల్స్‌లో ఊపిరాడనంత పరుగెత్తినప్పుడేమో 150 దాటడం లేదు. ఛాతీ పట్టీ కొనమని మిత్రులు అంటున్నారు. వాచీకే చాలా పెట్టాను, అది నిజంగా అవసరమా? ఇంకొకటి, బైపాస్ అయిన మా నాన్నగారికి నడకలో గుండె వేగం 110 దాటవద్దని డాక్టరు చెప్పారు. ఆయనకూ ఇలాంటి వాచీయే కొనిచ్చాను. దాన్ని నమ్మవచ్చా?

సమాధానం:

కొనడం సంగతి తర్వాత. ముందు ఫోనులో ఆ మెల్లటి పరుగు రికార్డు తెరవండి. గుండె వేగం గీతతో పాటు కేడెన్స్ గీత, అంటే నిమిషానికి ఎన్ని అడుగులు వేశారో చెప్పే గీత కూడా ఉంటుంది. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. కొన్ని యాప్‌లు ఒక కాలి అడుగులనే లెక్కిస్తాయి. 84 అని కనిపిస్తే దాన్ని రెట్టింపు చేసుకోండి. రెండు గీతలూ 168 దగ్గర జంటగా సాగుతూ, మీరు రోడ్డు దాటడానికి ఆగిన చోట రెండూ ఒకేసారి పడిపోతే, మీ వాచీ లెక్కపెట్టింది గుండెను కాదు, అడుగులను. మీ వివరాలు చదివితే నాకు అదే అనిపిస్తోంది. గుండె నిజంగా 170 కొడుతుంటే 41 ఏళ్ల మనిషి పక్కవాళ్లతో హాయిగా కబుర్లు చెప్పడం చాలా అరుదు.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. వాచీ అడుగున వెలిగే ఆకుపచ్చ దీపాలు చర్మంలోకి కాంతిని పంపుతాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టిన ప్రతిసారీ మణికట్టులోకి రక్తం కాస్త ఎక్కువగా వస్తుంది, తిరిగి వచ్చే కాంతి ఆ మేరకు కాస్త తగ్గుతుంది. వాచీ చూసేది ఆ చిన్న హెచ్చుతగ్గును. చేయి ఊగినప్పుడు వాచీ చర్మం మీద కదులుతుంది, చేతిలోని రక్తమూ కదులుతుంది. దానివల్ల కాంతిలో వచ్చే మార్పు నాడి వల్ల వచ్చేదాని కంటే చాలాసార్లు పెద్దది. అందుకే వాచీలో కదలికను కొలిచే మరో సెన్సార్ ఉంటుంది. దాని సాయంతో కదలిక వల్ల వచ్చిన భాగాన్ని తీసేసి, మిగిలినది నాడి అని వాచీ అంచనా వేస్తుంది. నాడి సంకేతం బలహీనంగా ఉన్నప్పుడు ఆ అంచనా తప్పి, అన్నిటికంటే స్పష్టంగా ఉన్న లయను, అంటే అడుగుల లయను పట్టుకుంటుంది. పరుగులో చాలామంది నిమిషానికి 160 నుంచి 180 అడుగులు వేస్తారు. గుండె వేగంగా చూసినా అది నమ్మదగ్గ అంకె కావడంతో చాలామందికి అనుమానం రాదు.

తెల్లవారుజామున మొదటి పది నిమిషాల్లో ఇది ఎక్కువ. ఒళ్లు వేడెక్కక ముందు, ముఖ్యంగా చలికాలంలో, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని ఉంటాయి. నాడి సంకేతం సన్నగా ఉంటుంది, అడుగుల సంకేతం మాత్రం మొదటి నిమిషం నుంచే గట్టిగా ఉంటుంది.

ఛాతీ పట్టీ దారి వేరు. అది రక్తాన్ని చూడదు. గుండె కండరం ముడుచుకునే ముందు పుట్టే విద్యుత్ సంకేతాన్ని ఈసీజీ తీసినట్టే రెండు ఎలక్ట్రోడ్లతో పట్టుకుని, ఒక్కొక్క కొట్టుకోవడానికీ మధ్య ఎంత సమయం గడిచిందో కొలుస్తుంది. చేయి ఊగినా, పిడికిలి బిగిసినా దానికి పట్టదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 50 మందిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, పరుగెత్తించి, ఈసీజీతో పోల్చిన పరిశోధన 2017లో జామా కార్డియాలజీ పత్రికలో అచ్చయింది. ఛాతీ పట్టీ, ఈసీజీ ఎంతగా ఏకీభవించాయో చెప్పే అంకె 0.99. నాలుగు రకాల చేతి పరికరాలకు అది 0.83 నుంచి 0.91 వరకు వచ్చింది. అప్పటికంటే ఇప్పటి వాచీలు బాగా మెరుగుపడ్డాయి. అయితే ఇలాంటి ఒక్క అంకె చూస్తే వాచీ ఎప్పుడూ ఓ నాలుగైదు అటూ ఇటుగా చెబుతుందనే భావన కలుగుతుంది. వాస్తవం అలా ఉండదు. వాచీ చాలాసేపు దాదాపు సరిగ్గానే చెబుతుంది, ఆ తర్వాత ఓ పది నిమిషాల పాటు 30, 40 తేడాతో చెబుతుంది. ఏది ఎప్పుడో అది చెప్పదు.

ఈ పాఠం నేను ఇతరుల కాళ్ల మీద నేర్చుకున్నాను. హైదరాబాద్ కేబీఆర్ పార్కు చుట్టూ పరుగెత్తే ఒక చిన్న బృందానికి శిక్షణ ఇచ్చేవాణ్ణి. అందులో ఒకావిడ గుండె వేగం ఎంత మెల్లగా వెళ్లినా 170 దగ్గరే ఉండేది. మీ గుండెకు ఇంకా పునాది పడలేదు, 140 దాటితే నడవండి అన్నాను. ఆవిడ పాపం ఆరు వారాలు నడిచారు. చివరికి ఒక ఆదివారం నా పట్టీ ఆవిడకిచ్చి, అదే వేగంతో నా పక్కనే పరుగెత్తమన్నాను. పట్టీ 138, వాచీ 171, అడుగులు 171. ఆరు వారాల నడకకు కారణం ఆవిడ గుండె కాదు, నా తెలివి. అప్పటి నుంచి అంకె, మనిషి పొంతన కుదరకపోతే మొదట అంకెనే అనుమానిస్తున్నాను.

పట్టీ లేకుండా దీన్ని పట్టుకోవడానికి వేళ్లు చాలు. వాచీ 168 చూపిస్తున్నప్పుడు ఆగి, వెంటనే మెడ పక్కన రెండు వేళ్లు పెట్టి పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణించండి. 23 వస్తే 138. ఒక్క కొట్టు తప్పినా ఆరు తేడా వస్తుంది కాబట్టి ఇది సూక్ష్మమైన కొలత కాదు, కానీ 138కీ 168కీ తేడా తేల్చడానికి ఇంతకంటే అవసరం లేదు. అర నిమిషం లెక్కపెట్టవద్దు. ఆగిన తర్వాత గుండె వేగం త్వరత్వరగా తగ్గుతుంది కనుక లెక్క తక్కువగా వస్తుంది.

తప్పు తేలితే మొదట వాచీ కట్టుకునే తీరు మార్చండి. మణికట్టు ఎముక మీద కాకుండా, దానికి రెండు వేళ్ల వెడల్పు పైకి, మోచేతి వైపు జరిపి, చేయి ఊపినా కదలనంత బిగువుగా పెట్టండి. పరుగయ్యాక మళ్లీ వదులు చేసుకోవచ్చు. బయలుదేరే ముందు ఐదారు నిమిషాలు చురుగ్గా నడవండి. పరుగు మధ్యలో అనుమానం వస్తే అర నిమిషం నిలబడండి. అడుగుల లయ ఆగుతుంది కాబట్టి వాచీ చాలాసార్లు నాడిని మళ్లీ వెతికి పట్టుకుంటుంది. మన చర్మం రంగు వల్ల వాచీ తప్పుతుందేమోనని చాలామంది అడుగుతారు. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు వేర్వేరు చర్మ వర్ణాల వారి మీద చేసిన పరీక్షలో రంగును బట్టి చెప్పుకోదగ్గ తేడా తేలలేదు, కదలిక వల్ల మాత్రం తేడా పెరిగింది. పచ్చబొట్టు ఉన్న చోట మాత్రం పెట్టకండి, సిరా కాంతిని అడ్డుకుంటుంది.

ఇక మీ గురువారం సంగతి. ఇక్కడ జరుగుతున్నది వేరే తప్పు. కిందటి నెల నేనే పట్టీ, వాచీ రెండూ పెట్టుకుని మూడు నిమిషాల చొప్పున ఐదుసార్లు గట్టిగా పరుగెత్తాను, మధ్యలో రెండేసి నిమిషాల నడక. రెండో పరుగు ఇలా సాగింది. మొదలైన నిమిషానికి పట్టీ 157, వాచీ 139. రెండు నిమిషాలకు పట్టీ 167, వాచీ 154. ముగిసేసరికి పట్టీ 172, వాచీ 165. నేను ఆగి నడక మొదలుపెట్టాక వాచీ ఇంకో పదిహేను సెకన్లు పైకే ఎక్కి 168కి వెళ్లింది, అప్పటికి పట్టీ 155కి దిగిపోయింది. నడక చివర పట్టీ 128, వాచీ 141. చిత్రమేమిటంటే, మొత్తం వ్యాయామానికి సగటు తీస్తే పట్టీ 151, వాచీ 149. ఆ రెండు సగటులు మాత్రమే చూసినవారు వాచీ భేష్ అంటారు. ఎక్కేటప్పుడు తక్కువ, దిగేటప్పుడు ఎక్కువ చూపడంతో తప్పులు ఒకదానినొకటి కొట్టేశాయి, అంతే.

ఈ ఆలస్యం వాచీ పనితీరులోనే ఉంది. కదలిక గోలను తట్టుకోవడానికి అది కొన్ని సెకన్ల సంకేతాన్ని కలిపి చూసి గీతను నునుపు చేస్తుంది. అకస్మాత్తుగా వచ్చిన మార్పును మొదట గోలగానే అనుమానిస్తుంది. నిలకడ పరుగులో ఆ జాగ్రత్త మేలు చేస్తుంది, ఇంటర్వెల్స్‌లో అదే కొంప ముంచుతుంది. పరుగు నలభై సెకన్లదో నిమిషానిదో అయితే వాచీ అందుకునేలోపే అది అయిపోతుంది. మీకు 150 దాటకపోవడానికి కారణం చాలావరకు ఇదే. బరువులు ఎత్తేటప్పుడు, సైకిలు హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వంగి, కండరాలు బిగిసి ఇంకా అన్యాయంగా ఉంటుంది. అలాంటప్పుడు ఆ అంకెను అసలు చూడకండి.

అయితే ఇంటర్వెల్స్ కోసమే పట్టీ కొనమని కూడా నేను చెప్పను. గుండె కూడా ఆలస్యంగానే స్పందిస్తుంది. మీరు పూర్తి వేగం అందుకున్నాక గుండె ఆ స్థాయికి ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పైన నా పట్టీ అంకెలు చూడండి, మూడో నిమిషంలోనూ ఎక్కుతూనే ఉంది. 400 మీటర్ల పరుగును గుండె వేగంతో నడిపించాలనుకుంటే ఎంత కచ్చితమైన పరికరమైనా మొదటి సగం తక్కువ చూపి మిమ్మల్ని అతిగా తోస్తుంది. అక్కడ గడియారం, దూరం, మీ ఊపిరి మెరుగైన కొలతలు.

పట్టీ నిజంగా డబ్బులకు న్యాయం చేసేది మరోచోట. మీ జోన్లు, అంటే మెల్లటి పరుగుకు ఇంత, గట్టి పరుగుకు ఇంత అని గీసుకునే గుండె వేగం హద్దులు, ఏ అంకె మీద కట్టారో ఆ అంకె తీసేటప్పుడు. చాలా వాచీలు మొదట 220 నుంచి వయసు తీసేసి గరిష్ఠ గుండె వేగం అనుకుంటాయి. మీకు అది 179. ఇది జనాభా సగటు, ఒక్కో మనిషికి పది పన్నెండు అటో ఇటో ఉండటం మామూలే. ఆ తర్వాత పరుగులో అంతకంటే పెద్ద అంకె కనిపిస్తే కొన్ని వాచీలు దాన్నే కొత్త గరిష్ఠంగా రాసేసుకుంటాయి. ఉదాహరణకు మీ అసలు గరిష్ఠం 182 అనుకుందాం. మెల్లటి పరుగు హద్దు అందులో 70 నుంచి 80 శాతం, అంటే 127 నుంచి 146. ఒక రోజు పల్లంలో దిగుతూ వేగంగా అడుగులు వేసినప్పుడు వాచీ వాటిని గుండె అనుకుని 194 రాసుకుంది. ఇప్పుడు అదే హద్దు 136 నుంచి 155 అయిపోతుంది. వారానికి నాలుగు రోజులు మెల్లగా అనుకుంటూ మీరు మధ్యస్థ వేగంలో పరుగెత్తుతుంటారు, ఇంత అలసట ఎందుకో తెలియదు. వాచీ సెట్టింగుల్లో గరిష్ఠాన్ని తనంతట తాను మార్చుకునే సౌకర్యం ఉంటే ఇవాళే ఆపేయండి.

జోన్లు సరిగ్గా కట్టడానికి చాలామంది చేసే పరీక్ష తేలికే. బాగా ఒళ్లు వేడెక్కించాక చదునైన చోట 30 నిమిషాలు ఒంటరిగా, నిలకడగా, ఆ అరగంటకు మీరు చేయగలిగినంత గట్టిగా పరుగెత్తండి. చివరి 20 నిమిషాల సగటు గుండె వేగం మీ థ్రెషోల్డ్‌కు, అంటే చాలాసేపు నిలబెట్టుకోగల గట్టి పరుగు పైహద్దుకు, దగ్గరి అంచనా. అక్కడ ఆరేడు తేడా వస్తే మూడు నెలల శిక్షణ అంతా ఆ మేరకు పక్కకు జరుగుతుంది. కాబట్టి ఈ పరీక్ష పట్టీతోనే చేయండి. ఏడాదికి మూడు నాలుగుసార్లు చేసే పనే కాబట్టి మిత్రుల పట్టీ అడిగి తీసుకున్నా సరిపోతుంది, ఉతికి తిరిగివ్వండి. పట్టీ కొనే పక్షంలో మీ వాచీ బయటి సెన్సార్‌ను తీసుకుంటుందో లేదో ముందు చూడండి. చవక వాచీలు చాలావాటికి ఆ వీలు లేదు. అప్పుడు పట్టీని ఫోనుకు కలపాలి.

రెండు పరికరాలూ సరిగ్గా ఉన్నా అంకె పెరిగే సందర్భం ఒకటి ఉంది. ఎండలో, విజయవాడ లేదా విశాఖ ఉక్కపోతలో, గంట పరుగులో అదే వేగానికి గుండె వేగం పదీ పదిహేనూ పెరుగుతుంది. చెమటతో నీరు పోయి, రక్తం చర్మం వైపు మళ్లి, గుండె ఎక్కువసార్లు కొట్టవలసి వస్తుంది. అది పరికరం తప్పు కాదు. వాచీని తిట్టకుండా వేగం తగ్గించుకోండి.

పట్టీ కూడా తప్పుతుంది, కానీ దాని తప్పు మొహం మీదే కనిపిస్తుంది. పొడి చర్మం మీద ఎలక్ట్రోడ్లకు సంకేతం అందక మొదటి కొన్ని నిమిషాలు 90 నుంచి 210కి, అక్కడి నుంచి 60కి గీత రంపపు పళ్లలా ఎగురుతుంది. కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడపండి. చెమట పట్టాక అదే సర్దుకుంటుంది. పొడి గాలి వీచే చలికాలపు ఉదయాల్లో వదులుగా రెపరెపలాడే పాలిస్టర్ బనియను రాపిడి విద్యుత్తు పుట్టించి అలాంటి ఎగుడుదిగుడులే తెస్తుంది. బిగువు బనియను వేసుకున్నా, పట్టీ బాగా తడిపినా తగ్గుతుంది. పరుగంతా ఇలాగే ఉంటే బ్యాటరీ అయిపోతూ ఉండవచ్చు, లేదా పట్టీ గుడ్డలో ఉప్పు పేరుకుని ఉండవచ్చు. ప్రతి పరుగు తర్వాత ముందున్న సెన్సార్ బిళ్లను ఊడదీసి, పట్టీని నీళ్లలో జాడించి ఆరవేయండి. తడి పట్టీకి బిళ్ల తగిలించి వదిలేస్తే అది ఇంకా ఒంటి మీదే ఉందనుకుని బ్యాటరీ తింటూనే ఉంటుంది. వాచీ తప్పేమో నునుపుగా, నమ్మేలా ఉంటుంది. రెండిట్లో అదే ఎక్కువ ప్రమాదకరం.

ఛాతీకి పట్టీ ఒరుసుకుపోతుందనేవారికి మోచేతికి పైన, దండకు కట్టుకునే కాంతి సెన్సార్ పట్టీలు ఉన్నాయి. అదే కాంతి పద్ధతి అయినా అక్కడ కండ ఎక్కువ, కదలిక తక్కువ, వంపు లేదు. పరుగుకు అవి వాచీ కంటే చాలా మేలు. ఇక నిద్రలో, కూర్చున్నప్పుడు, ఉదయం లేచిన వెంటనే చూసే విశ్రాంతి వేగానికైతే మీ వాచీ చాలు. అక్కడ కదలిక లేదు కాబట్టి తప్పూ చాలా తక్కువ.

నాన్నగారి విషయం వేరుగా చూడాలి. చురుకైన నడకలో మనిషి నిమిషానికి సుమారు 100 నుంచి 120 అడుగులు వేస్తాడు. ఆయన హద్దు 110. వాచీ అడుగులను పట్టుకున్నా 108 అనే చూపుతుంది, గుండె నిజంగా 108 ఉన్నా 108 అనే చూపుతుంది. పరుగులో మీకు 170 చూడగానే అనుమానం వచ్చింది, ఆయనకు అలాంటి అనుమానం వచ్చే వీలే లేదు. రెండో చిక్కు, గుండె లయ తప్పే సమస్య ఏదైనా ఉంటే కొన్ని కొట్టుకోవడాలు బలహీనంగా ఉండి వాటి నాడి మణికట్టు దాకా చేరదు. అప్పుడు వాచీయే కాదు, మణికట్టు మీద వేళ్లు కూడా తక్కువే లెక్కపెడతాయి. పట్టీ గుండె విద్యుత్తును చూస్తుంది కాబట్టి వాటినీ లెక్కిస్తుంది, అయినా లయ బాగుందో లేదో తేల్చే వైద్య పరికరం అది కాదు.

కాబట్టి మీ ఇద్దరిలో పట్టీ ముందు కొనవలసింది ఆయనకు. పేస్‌మేకర్ లాంటిది అమర్చి ఉంటే మాత్రం కట్టే ముందు డాక్టరును అడగండి. కుట్లు పడిన మచ్చ మీద ఒరుసుకుంటుంటే దండ పట్టీ చూడండి, అడుగుల గొడవ అందులో తక్కువ. ఆయన బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే గుండె వేగాన్ని మందే తగ్గించి ఉంచుతుంది. వాచీ వయసును బట్టి వేసిన జోన్లు ఆయనకు వర్తించవు, వాటిని తెర మీద నుంచి తీసేయండి. 110 అనే హద్దు మందు వేసుకున్న స్థితిలో చెప్పిందా, మోతాదు మారితే అదీ మారుతుందా అన్నది వచ్చేసారి డాక్టరును అడిగి రాసుకోండి. అంకె 95 ఉన్నా ఛాతీలో బరువు, దవడలోనో ఎడమ చేతిలోనో నొప్పి, కళ్లు తిరగడం కనిపిస్తే నడక అక్కడే ఆపాలి. అవి కూర్చున్నా తగ్గకపోతే వాచీ వైపు చూస్తూ ఉండకుండా 108కి ఫోను చేయాలి.